హెడ్‌ఫోన్ కోసం బైనారల్ మిక్స్ ఎలా చేయాలి, స్పీకర్లలో అది ఎలా కూలిపోతుంది

ఒక నిమిషం నిడివి ఉన్న ఆడియో కథను తీసుకుందాం. రాత్రి, బయట వాన. కథ చెప్పే గొంతు మన ఎదురుగా వినిపిస్తుంది. కుడివైపు తలుపు మీద ఎవరో కొడతారు. కాసేపటికి మన వెనక అడుగుల చప్పుడు మొదలవుతుంది. చివర్లో ఎడమ చెవి పక్కనే ఎవరో గుసగుసగా ఒక మాట అంటారు. ప్రతి శబ్దమూ హెడ్‌ఫోన్‌లో తల చుట్టూ ఒక్కో దిక్కు నుంచి వస్తున్నట్టు వినిపించేలా చేసేదే బైనారల్ మిక్స్. దానికి ఇంతకన్నా మంచి సందర్భం ఉండదు.

నేను మొదటిసారి చేసింది ఇలాంటి కథే. రెండు వారాలు హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నాను. వెనక అడుగులు విన్నప్పుడు నాకే తల తిప్పాలనిపించేది. ఆ ఫైలును ఒక స్నేహితుడికి పంపితే అతను బల్ల మీది రెండు స్పీకర్లలో విన్నాడు. "అడుగుల చప్పుడు ఎక్కడుంది? మధ్యలో గొంతు మాత్రం కొంచెం మసకబారింది" అన్నాడు. అడుగులు మాయం కాలేదు. వెనక నుంచి జారి వచ్చి సరిగ్గా కథ చెప్పే గొంతు ఉన్న చోటే పడ్డాయి. అలా ఎందుకు పడ్డాయో అర్థమైతే, ఏ శబ్దాన్ని బైనారల్‌లో పెట్టాలో, దేన్ని పెట్టకూడదో ముందే తెలుస్తుంది. అందుకే ఈ పనిని ప్లగిన్‌తో కాకుండా చేత్తో మొదలుపెడదాం.

మొదట, హెడ్‌ఫోన్‌ను శుభ్రం చేయండి

కంప్యూటర్‌లోగానీ ఫోన్‌లోగానీ స్పేషియల్ ఆడియో, వర్చువల్ సరౌండ్, క్రాస్‌ఫీడ్ లాంటివి ఆన్‌లో ఉంటే అన్నీ ఆపేయండి. అవి కూడా శబ్దాన్ని తల చుట్టూ పెట్టే పనే చేస్తాయి. మీరు చేసిన దాని మీద అవి మళ్లీ అదే పని చేస్తే ఏది మీదో ఏది వాటిదో తెలియదు. ఎడమది ఎడమ చెవికే పెట్టుకున్నారో లేదో కూడా చూసుకోండి. మామూలు పాటలో తారుమారైతే పెద్దగా తెలియదు, ఇక్కడ మొత్తం కథే తిరగబడుతుంది.

ఒక తలుపు చప్పుడును చేత్తో కుడివైపు పంపండి

ప్రాజెక్టును 48000 హెర్ట్జ్‌లో తెరవండి. ఒక మోనో తలుపు చప్పుడు తీసుకుని రెండు ట్రాకుల్లో పెట్టండి. మొదటిదాన్ని పూర్తిగా కుడికి, రెండోదాన్ని పూర్తిగా ఎడమకు పాన్ చేయండి. కుడి ట్రాక్‌ను ముట్టుకోవద్దు. ఎడమ ట్రాక్ మీద మూడు పనులు చేయాలి. 31 శాంపిళ్లు ఆలస్యం చేయండి. లెవెల్ 3 డెసిబెల్ తగ్గించండి. ఒక హై షెల్ఫ్ ఈక్యూతో సుమారు 1500 హెర్ట్జ్ నుంచి పైభాగాన్ని 12 డెసిబెల్ దించండి.

ఇప్పుడు హెడ్‌ఫోన్‌లో వినండి. చప్పుడు కుడి చెవికి అతుక్కున్నట్టు కాకుండా, తలకు కొంచెం ఎడంగా కుడివైపున ఉన్నట్టు వినిపిస్తుంది. ఎడమ ట్రాక్‌ను మ్యూట్ చేసి, మళ్లీ తెరిచి చూడండి. మ్యూట్ చేసినప్పుడు చెవిలో ఏదో గుచ్చుకున్నట్టు ఉంటుంది. తెరవగానే ఆ ఒత్తిడి తగ్గి ఊపిరాడినట్టు అనిపిస్తుంది.

ఆ అంకెలు తల కొలత నుంచి వచ్చినవే. సరిగ్గా కుడివైపు నుంచి వచ్చే శబ్దం తలను చుట్టి ఎడమ చెవికి చేరాలంటే దాదాపు 22 సెంటీమీటర్లు ఎక్కువ దూరం నడవాలి. గాలిలో శబ్దానికి అందుకు పట్టే సమయం దాదాపు 0.65 మిల్లీసెకన్లు. 48000 హెర్ట్జ్‌లో అది 31 శాంపిళ్లు. ఇక హై షెల్ఫ్ తల వేసే నీడ. 200 హెర్ట్జ్ శబ్దంలో ఒక్కో అల పొడవు 1.7 మీటర్లు ఉంటుంది కాబట్టి దానికి తల ఒక అడ్డే కాదు. 5000 హెర్ట్జ్‌లో అల పొడవు 7 సెంటీమీటర్లే. అది తలకు తగిలి ఆగిపోతుంది, అవతలి చెవికి చాలా తక్కువ చేరుతుంది. అందుకే మంద్ర స్థాయిలో రెండు చెవులకూ దాదాపు సమానంగా, తార స్థాయిలో బాగా తేడాగా వినిపిస్తుంది.

చెవి డొప్ప చేసే పని మాత్రం ఇందులో లేదు. ముందు, వెనక, పైన, కింద అనే తేడాలు చెప్పేది అదే. దాని మడతల్లో తగిలి తిరిగే శబ్దం కొన్ని చోట్ల పెరుగుతుంది, కొన్ని చోట్ల పడిపోతుంది. ఏ దిక్కు నుంచి వస్తే ఏ చోట పడిపోతుందో మన మెదడు చిన్నప్పటి నుంచి నేర్చుకుని ఉంటుంది. ఆలస్యం, నీడ, డొప్ప రంగు, ఈ మూడింటినీ కలిపి కొలిచిన దాన్నే హెచ్‌ఆర్‌టీఎఫ్ అంటారు. ప్లగిన్లు వాడేది దాన్నే.

దీన్నే స్పీకర్లలో వేయండి

హెడ్‌ఫోన్ తీసేసి రెండు స్పీకర్ల మధ్య సరిగ్గా కూర్చోండి. మీరూ రెండు స్పీకర్లూ కలిసి సమబాహు త్రిభుజంలా ఉండాలి, అంటే ఒక్కో స్పీకర్ మీ ముక్కు సూటికి 30 డిగ్రీల పక్కన ఉంటుంది. అదే తలుపు చప్పుడును వేయండి. చప్పుడు మీ కుడి భుజం వైపు నుంచి రాదు. కుడి స్పీకర్ లోంచి వస్తుంది. అంతకన్నా పక్కకు వెళ్లదు. దాని రంగు కూడా మారుతుంది, కొంచెం డొల్లగా ఉంటుంది.

హెడ్‌ఫోన్‌లో ఎడమ చానల్ ఎడమ చెవికి మాత్రమే, కుడి చానల్ కుడి చెవికి మాత్రమే వెళ్తాయి. స్పీకర్ల దగ్గర ప్రతి చెవీ రెండింటినీ వింటుంది. ఇప్పుడు మీ ఎడమ చెవి దగ్గర ఏం జరుగుతోందో చూడండి. తలుపు చప్పుడు మొదట కుడి స్పీకర్‌లో మోగుతుంది, కుడి చెవికి చేరుతుంది. ఆ క్షణాన్ని సున్నా అనుకుందాం. అదే కుడి స్పీకర్ శబ్దం తలను చుట్టి ఎడమ చెవికి కూడా వస్తుంది. 30 డిగ్రీల నుంచి వస్తోంది కాబట్టి దానికి పట్టే అదనపు సమయం దాదాపు 0.26 మిల్లీసెకన్లే. మీరు ఎంతో శ్రద్ధగా 0.65 మిల్లీసెకన్లు ఆలస్యం చేసి పెట్టిన ఎడమ చానల్ ఆ తర్వాతే ఎడమ చెవిని చేరుతుంది, అదీ బలహీనంగా.

అంటే మీరు పంపిన కబురు చేరేలోపే వేరే కబురు వచ్చేసింది. 0.26 అంటే మెదడుకు 30 డిగ్రీలని అర్థం. మొదట చేరిన దాన్నే మెదడు నమ్ముతుంది. అందుకే చప్పుడు స్పీకర్ దగ్గరే ఆగిపోయింది. ఎడమ చానల్ ఆలస్యాన్ని 40 శాంపిళ్లకో 60కో పెంచి చూడండి, చప్పుడు స్పీకర్ దాటి పక్కకు పోదు. పెంచిన కొద్దీ రంగు చెడుతుంది, అంతే. దీన్ని మీ చెవులతో ఒకసారి పరీక్షించుకుంటే, స్పీకర్లలో విశాలంగా వినిపించాలని బైనారల్ సెట్టింగులను తిప్పుతూ కూర్చునే అలవాటు పోతుంది.

రంగు చెడటానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ఎడమ చెవికి ఒకే శబ్దం రెండుసార్లు, 0.39 మిల్లీసెకన్ల తేడాతో చేరుతోంది. ఆ తేడా 1300 హెర్ట్జ్ దగ్గర సరిగ్గా సగం అల అవుతుంది. ఒకటి పైకి లేస్తున్నప్పుడు మరొకటి కిందికి దిగుతూ ఉంటుంది కాబట్టి అక్కడ శబ్దం తగ్గుతుంది. దువ్వెన పళ్లలా ఇలాంటి గుంటలు పైకి వరసగా పడతాయి.

ఇప్పుడు మోనో బటన్ నొక్కండి. ఫోన్ ఒంటి స్పీకర్‌లో జరిగేది ఇదే. తల, చెవులు ఏవీ లేకుండా రెండు చానళ్లూ నేరుగా కలిసిపోతాయి. తేడా 0.65 మిల్లీసెకన్లు కాబట్టి మొదటి గుంట దాదాపు 770 హెర్ట్జ్ దగ్గర, రెండోది 2300 దగ్గర పడతాయి. మొదటిది లోతుగా ఉంటుంది, దాని పక్కనున్న గుట్టకన్నా 10 డెసిబెల్‌కు పైగా కిందికి పడుతుంది. రెండోది అంత లోతు ఉండదు, దాదాపు 3 డెసిబెల్. ఎందుకంటే అక్కడికొచ్చేసరికి మీ షెల్ఫ్ ఎడమ చానల్‌ను అణిచేసింది, కుడి చానల్‌తో పోట్లాడే బలం దానికి లేదు. తలుపు చప్పుడు బదులు పింక్ నాయిస్ పెట్టి స్పెక్ట్రమ్ ఎనలైజర్‌లో చూస్తే ఈ గుంటలు కళ్లకు కనిపిస్తాయి. 770 అంటే మనిషి మాటలో అచ్చుల బలం ఉండే ప్రాంతం. అందుకే ఒక సంభాషణను 90 డిగ్రీల్లో పెట్టి మోనోలో వింటే గొట్టంలోంచి మాట్లాడినట్టు ఉంటుంది.

స్పీకర్లలో పాడయ్యేదీ మోనోలో పాడయ్యేదీ ఒకటి కాదని ఇక్కడ గమనించండి. స్పీకర్లలో ముఖ్యంగా చోటు పోతుంది. మోనోలో చోటుతో పాటు రంగు కూడా బాగా పోతుంది. మందు కూడా వేరు.

ఇక అసలు సెషన్

చేత్తో ప్రతి శబ్దానికీ ఇలా చేయలేం, పైగా డొప్ప రంగు చేత్తో రాదు. నేను రీపర్‌లో ఐఈఎమ్ వారి ఉచిత ప్లగిన్లు వాడతాను. వేరే సాఫ్ట్‌వేర్ వాడినా దారి ఇదే.

BINAURAL అనే పేరుతో ఒక ఫోల్డర్ ట్రాక్ చేసి దానికి 16 చానళ్లు ఇవ్వండి. లోపల ఉండే ట్రాకులకూ 16 చానళ్లే ఇవ్వాలి. ఇది మూడో ఆర్డర్ ఆంబిసోనిక్స్, అంటే దిక్కుల సమాచారాన్ని 16 చానళ్లలో దాచుకునే పద్ధతి. లోపలి ట్రాకుల మీద `StereoEncoder`, ఫోల్డర్ మీద `BinauralDecoder` పెట్టండి. ఈ డీకోడర్ వాడే చెవులు న్యూమన్ కంపెనీ కేయూ 100 అనే, చెవుల్లో మైకులున్న బొమ్మ తలవి. మాస్టర్ ట్రాక్‌ను 2 చానళ్లలోనే ఉంచండి.

రూటింగ్‌లో లోపలి ట్రాకుల నుంచి ఫోల్డర్‌కు 1 నుంచి 16 వరకు అన్ని చానళ్లూ వెళ్తున్నాయో లేదో తప్పక చూడండి. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. మొదటి రెండు చానళ్లే వెళ్తే కూడా శబ్దం వస్తుంది, కుడి ఎడమలు కూడా సరిగ్గానే ఉంటాయి. కానీ ముందుకూ వెనక్కూ తేడా ఉండదు. ఒక శబ్దాన్ని 0 నుంచి 180 డిగ్రీలకు తిప్పినప్పుడు రంగు ఏమాత్రం మారకపోతే తప్పు రూటింగ్‌లోనే ఉందనుకోండి. ఈ ప్లగిన్లలో ఎడమవైపు కోణాలు ప్లస్, కుడివైపు మైనస్ అన్నది కూడా గుర్తుంచుకోండి.

డీకోడర్ తర్వాత ఎడమ కుడి చానళ్లను విడివిడిగా తాకే ఏ పనీ చేయవద్దు. కంప్రెసర్, లిమిటర్ పెడితే రెండు చానళ్లూ కలిసి పైకీ కిందికీ కదిలేలా లింక్ చేయండి. స్టీరియో వైడ్నర్ అసలు పెట్టకండి. అది ఫేజ్‌ను తిప్పి వెడల్పు చూపిస్తుంది, ఆ ఫేజ్‌లోనే మీరు దిక్కును దాచుకున్నారు.

ఏది ఎక్కడ

కథ చెప్పే గొంతును బైనారల్ ఫోల్డర్‌లో పెట్టకండి. బయటే, మామూలు మోనో ట్రాక్‌గా, పాన్ మధ్యలో ఉంచి వదిలేయండి. సరిగ్గా ఎదురుగా ఉన్న శబ్దాన్ని హెడ్‌ఫోన్‌లో ఎదురుగా వినిపించడం బైనారల్‌కు చాలా కష్టం. రెండు చెవులకూ ఒకే కబురు వెళ్తుంది కాబట్టి డొప్ప రంగు ఒక్కటే ఆధారం. ఆ రంగు వేరే తలది. చాలామందికి అది నుదుటి మీదో తల లోపలో వినిపిస్తుంది, పైగా గొంతు సహజత్వం పోతుంది. కథకుడి గొంతు తల లోపల వినిపించడంలో తప్పేమీ లేదు, అది ఒక ఆలోచనలా ఉంటుంది. స్పీకర్లలో కూడా అది ఏ దెబ్బా తగలకుండా మధ్యలో నిలబడుతుంది.

తలుపు చప్పుడును -90 డిగ్రీల్లో పెట్టండి. దిక్కు కుదిరాక `StereoEncoder` తీసి దాని చోట `RoomEncoder` పెట్టండి. గది కొలతలు 6, 5, 3 మీటర్లు ఇచ్చి, వినేవాళ్లను నడిమధ్యకు కొంచెం పక్కగా ఉంచి, చప్పుడును వాళ్లకు 2 మీటర్ల కుడివైపున పెట్టండి. గోడల నుంచి తిరిగొచ్చే మొదటి ప్రతిధ్వనులు చేరగానే చప్పుడు తల నుంచి విడిపడి గదిలోకి వెళ్తుంది. ప్రతిధ్వని లేని బైనారల్ ఎంత బాగా కొలిచినా చెవికి అంటుకునే ఉంటుంది.

అడుగుల విషయంలోనే నేను మొదట దెబ్బతిన్నాను. వెనక అనగానే 180 డిగ్రీలు పెట్టేశాను. సరిగ్గా వెనక ఉన్న శబ్దం రెండు చెవులకూ ఒకే సమయానికి, ఒకే బలంతో చేరుతుంది. అంటే ఎడమ, కుడి చానళ్లు దాదాపు ఒకటే. తేడా అంతా డొప్ప రంగులో ఉంటుంది. స్పీకర్లలో వేస్తే రెండు చానళ్లలో సమానంగా ఉన్న శబ్దం మధ్యకే వస్తుంది. అదే శబ్దం ఇప్పుడు నిజంగానే ముందు నుంచి వస్తోంది కాబట్టి వినేవాళ్ల సొంత డొప్పలు దానికి "ముందు" అనే ముద్ర వేస్తాయి. మీరు వేసిన "వెనక" ముద్ర ఒక మసక ఈక్యూగా మిగిలిపోతుంది. మధ్యలో గొంతు, దాని మీద మసక అడుగులు. నా స్నేహితుడు విన్నది సరిగ్గా అదే.

కాబట్టి అడుగులను 180లో కాకుండా -150 డిగ్రీల్లో పెట్టండి, అంటే వెనక కొంచెం కుడికి. హెడ్‌ఫోన్‌లో ఇది కూడా వెనకే. కథకు ఏ నష్టమూ లేదు. రెండు చెవుల మధ్య ఇప్పుడు 0.26 మిల్లీసెకన్ల తేడా వచ్చింది. స్పీకర్లలో ముందుకు పడిపోయినా మధ్యలో పడకుండా కుడి స్పీకర్ వైపు పడతాయి, గొంతు దారికి అడ్డు రావు. -150కీ -30కీ చెవుల మధ్య సమయ తేడా ఒకటే. ముందూ వెనకా తారుమారు కావడానికి కారణం ఇదే, అదృష్టవశాత్తూ ఇక్కడ అది మనకు ఉపయోగపడింది కూడా. అడుగులు నడుస్తున్నట్టు ఉండాలంటే -160 నుంచి -120 వరకు మెల్లగా కదిలించండి. కదిలే శబ్దం ఎక్కడుందో చెవి తొందరగా పట్టుకుంటుంది.

వాన కోసం ఒకే రికార్డింగ్‌ను నాలుగు చోట్ల పెట్టకండి. పెద్ద రికార్డింగ్‌లోంచి నాలుగు వేర్వేరు నిమిషాలు కోసి 45, 135, -45, -135 డిగ్రీల్లో ఒక్కొక్కటి పెట్టండి. ఒకదానికొకటి పోలిక లేని శబ్దాలు కాబట్టి చుట్టూ వాన ఉన్నట్టు ఉంటుంది. స్పీకర్లలో అన్నిటికన్నా తక్కువ పాడయ్యేది ఇదే. చుట్టూ ఉండే అనుభూతి పోతుంది గానీ రెండు స్పీకర్ల మధ్య మంచి తెరలా పరుచుకుంటుంది. మోనోలో గొంతుతో పోలిస్తే దాదాపు 3 డెసిబెల్ వరకు తగ్గుతుంది. మధ్యలో ఉన్న గొంతు రెండు చానళ్లలో ఒకటే కాబట్టి కలిపినప్పుడు 6 డెసిబెల్ పెరుగుతుంది, పోలిక లేని వాన దాదాపు 3 మాత్రమే పెరుగుతుంది. ఇది మంచిదే, చిన్న స్పీకర్‌లో మాట ముందుకు వస్తుంది.

గుసగుసను మళ్లీ చేత్తో చేయాలి. హెచ్‌ఆర్‌టీఎఫ్ కొలతలు మామూలుగా ఒక మీటరు, అంతకన్నా ఎక్కువ దూరం నుంచి తీసుకుంటారు. చెవికి నాలుగు వేళ్ల దూరంలో పలికే మాట అలా ఉండదు. అంత దగ్గరలో మంద్ర స్థాయిలో కూడా రెండు చెవుల మధ్య పెద్ద తేడా ఉంటుంది. అందుకే ఫోల్డర్ బయట, రెండు ట్రాకుల్లో పెట్టండి. ఎడమది అలాగే. కుడిది 31 శాంపిళ్లు ఆలస్యంగా, 15 నుంచి 20 డెసిబెల్ తక్కువగా, పై స్థాయి కోసేసి. ప్రతిధ్వని వద్దు. మైక్‌కు దగ్గరగా పలికిన పొడి రికార్డింగ్ అయితేనే ఇది ఒళ్లు జలదరించేలా ఉంటుంది. స్పీకర్లలో ఇది ఎడమ స్పీకర్‌లోంచి వచ్చే మామూలు గుసగుస అవుతుంది. జలదరింపు పోతుంది, మాట మాత్రం పోదు.

రెండు మిక్స్‌లు తీయండి

ఇంతవరకూ చేసింది నష్టాన్ని తగ్గించడమే. బైనారల్‌ను స్పీకర్లలో నిజంగా నిలబెట్టే దారి ఒకటుంది. ఎడమ స్పీకర్ నుంచి కుడి చెవికి చేరే శబ్దాన్ని రద్దు చేసే వ్యతిరేక శబ్దాన్ని రెండో స్పీకర్‌లో కలపడం. 1960లలో బెల్ ల్యాబ్స్‌లో బిష్ణు అటల్, మన్‌ఫ్రెడ్ ష్రోడర్ దీని మీద పనిచేశారు. కానీ స్పీకర్లు ఎక్కడున్నాయో, వినేవాళ్ల తల ఎక్కడుందో తెలిసి ఉండాలి. తల కొన్ని సెంటీమీటర్లు జరిగినా అది చెదిరిపోతుంది. ఎవరు ఎక్కడ వింటారో తెలియని ఫైల్‌లో దాన్ని కలిపి పంపడం సరికాదు.

నా మాట ఏమిటంటే, ఒకే ఫైల్ రెండు చోట్లా బాగుండాలని రాజీ పడకండి. ఆంబిసోనిక్స్‌లో పనిచేయడంలో లాభం ఇక్కడే ఉంది. దిక్కులు ఇంకా చెవులుగా మారలేదు కాబట్టి అదే సెషన్ నుంచి స్పీకర్ల మిక్స్ కూడా తీయొచ్చు. ఫోల్డర్ మీద `BinauralDecoder`ను ఆపేసి, దాని చోట కొత్త జేఎస్ ప్లగిన్ ఒకటి తెరిచి ఇది రాయండి:

```
desc:AmbiX W,Y to stereo
@sample
w = spl0;
y = spl1;
spl0 = 0.5*(w+y);
spl1 = 0.5*(w-y);
```

మొదటి చానల్ అన్ని దిక్కుల నుంచీ సమానంగా వినే మైక్ లాంటిది. రెండో చానల్ ఎడమ, కుడి తేడాను మోస్తుంది. వాటిని కలిపితే ఎడమవైపు చూసే కార్డియాయిడ్ మైక్, తీసివేస్తే కుడివైపు చూసేది వస్తాయి. ఇందులో చానళ్ల మధ్య సమయ తేడా లేదు, డొప్ప రంగు లేదు, లెవెల్ తేడా ఒక్కటే ఉంది. రెండు చానళ్లనూ కలిపితే y కొట్టుకుపోయి w మిగులుతుంది, కాబట్టి చానళ్లు కలవడం వల్ల మోనోలో కొత్త గుంటలు పుట్టవు. -90లో ఉన్న తలుపు చప్పుడు కుడి స్పీకర్‌లో, శుభ్రమైన అసలు రంగుతో వినిపిస్తుంది.

దీని హద్దు కూడా తెలుసుకోండి. ముందూ వెనకా ఇందులో ఒకటే. అడుగులు వెనకవని స్పీకర్లలో చెప్పాలంటే వేరే పద్ధతి వాడాలి. నేను ఈ మిక్స్‌లో మాత్రం అడుగుల నేరు శబ్దాన్ని 3 డెసిబెల్ తగ్గించి, ప్రతిధ్వనిని కొంచెం పెంచుతాను. వెనక అనే అర్థం రాదు, దూరం అనే అర్థం వస్తుంది. కథకు అది కూడా చాలనుకుంటేనే అలా వదిలేయండి. వెనక అన్నది తెలియకపోతే కథ అర్థం కాదనుకుంటే, కథకుడి మాటలోనే ఆ సంగతి చెప్పించాలి. గుసగుస కుడి ట్రాక్‌ను కూడా ఈ మిక్స్‌లో మ్యూట్ చేసి, ఎడమదాన్ని పూర్తి ఎడమ నుంచి కొంచెం లోపలికి తీసుకురండి.

డీకోడర్ మారితే ఫోల్డర్ లెవెల్ మారుతుంది. గొంతు ఫోల్డర్ బయట ఉంది కాబట్టి గొంతుకూ మిగతావాటికీ మధ్య తూకం తప్పుతుంది. స్పీకర్లలో విని ఫోల్డర్ ఫేడర్‌ను మళ్లీ సరిచేసుకోండి. ఇది మర్చిపోయి నేరుగా రెండర్ చేయకండి.

పంపేముందు

బైనారల్ ఫైల్‌కు పేరులోనే "హెడ్‌ఫోన్ కోసం" అని రాయండి. దాన్ని తక్కువ బిట్‌రేట్‌లో కుదించకండి. బాగా కుదించే కొన్ని పద్ధతులు రెండు చానళ్లనూ ఒకటిగా చేసి, పక్కన లెవెల్ తేడా లాంటి కొద్దిపాటి వివరాన్ని మాత్రమే దాచుకుంటాయి. సూక్ష్మమైన సమయ తేడాలు అక్కడ పోతాయి. తేడా తెలియాలంటే కుదించిన ఫైల్‌లో వానను వినండి. చుట్టూ ఉన్న వాన తల లోపలికి ముడుచుకుంటే బిట్‌రేట్ పెంచండి.

ఎంత జాగ్రత్తగా చేసినా హెడ్‌ఫోన్ పెట్టుకున్నవాళ్లు కూడా బైనారల్ ఫైల్‌ను మోనోలో వినే సందర్భాలుంటాయి. ఒక చెవికే పెట్టుకుంటారు, లేదా ఫోన్‌లో మోనో ఆడియో సెట్టింగ్ ఆన్ చేసుకుని ఉంటారు. అందుకని ఆ ఫైల్‌ను ఒకసారి మోనోలోకి మార్చి మొత్తం వినండి:

```
ffmpeg -i binaural.wav -af "pan=mono|c0=0.5*c0+0.5*c1" mono.wav
```

ఇక్కడ వెతకాల్సింది అందం కాదు. ప్రతి మాటా అర్థమవుతోందా, తలుపు చప్పుడు తలుపు చప్పుడులాగే ఉందా అన్నది చూడండి. చప్పుడు డొల్లగా ఉంటే దాన్ని -90 నుంచి -60కి తీసుకురండి. సమయ తేడా తగ్గుతుంది కాబట్టి మొదటి గుంట 770 నుంచి 1000 హెర్ట్జ్ వైపు జరుగుతుంది, చప్పుడులోని గట్టిదనం కొంత తిరిగొస్తుంది. హెడ్‌ఫోన్‌లో అది ఇంకా కుడివైపే ఉంటుంది.

చివరి పరీక్షకు ముగ్గురిని కూర్చోబెట్టండి. కళ్లు మూసుకుని హెడ్‌ఫోన్‌లో విని, ప్రతి శబ్దం ఎక్కడి నుంచి వచ్చిందో చేత్తో చూపించమనండి. ముందుగా ఏమీ చెప్పకండి. తలుపును అందరూ సులువుగా చూపిస్తారు. అడుగులను మాత్రం ఒకరు ముందువైపు చూపించవచ్చు. బొమ్మ తల చెవులు వాళ్ల చెవులకు సరిపోలేదన్నమాట, అది వాళ్ల తప్పు కాదు, మీ తప్పూ కాదు. ముగ్గురిలో ఇద్దరు ముందుకు చూపిస్తే, అడుగులను -120 దగ్గరికి జరిపి, కదలికను కొంచెం పెంచి, మళ్లీ అడగండి.